ఫ్యూజు బాక్సు ఫొటోను చదవడం ఎలా? పడిపోయిన మీట ఏమి చెబుతుంది?

"ఇంట్లో కరెంటు పోయింది, ఫొటో పంపుతున్నాను, ఎక్కడ లోపమో చెప్పండి" అని అడిగేవారు తరచూ రెండు విషయాలు వదిలేస్తారు. ఫొటో తీసేలోపే మీటలన్నీ ఎత్తేసి ఉంటారు. పడింది లోడు ఎక్కువైనా షార్ట్ అయినా తెంచే ఎంసీబీయా, కరెంటు ఎర్త్‌లోకి జారితే తెంచే ఆర్‌సీసీబీయా అన్నది చెప్పరు. ఈ రెండూ తెలిస్తే లోపాన్ని వెతకాల్సిన చోటు చాలా చిన్నదైపోతుంది. ఎందుకంటే ఎంసీబీ పడటానికీ ఆర్‌సీసీబీ పడటానికీ కారణాలు పూర్తిగా వేరు.

కింద చెప్పినదంతా 230 వోల్టుల సరఫరా ఉండి, పట్టాల మీద వరుసగా బిగించిన మీటల బాక్సులున్న ఇళ్లకు వర్తిస్తుంది. తీగ వేసే పాత పింగాణీ ఫ్యూజులైతే ఫొటోలో తెలిసేది తక్కువ. తీగ కాలిందో లేదో ఫ్యూజును బయటికి తీస్తేనే కనబడుతుంది.

## 1. ముందుగా: ఫొటో తీయకూడని సందర్భాలు

కాలిన వాసన, చిటపట శబ్దం, గోధుమ రంగుకు మారిన లేదా కరిగిన ప్లాస్టిక్, బాక్సులోకి నీళ్లు కారిన ఆనవాళ్లు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దగ్గరికి వెళ్లకండి. మీట ఎత్తే ప్రయత్నమూ చేయకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే చేయాల్సిన పని.

అవేవీ లేకపోతే పొడి చేతులతో, పొడి నేల మీద నిలబడి పని మొదలుపెట్టవచ్చు. మరలు విప్పి లోపలి కవరు తీయవద్దు. మెయిన్ స్విచ్ దించినా, దానికి సరఫరా తెచ్చే తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఈ పని మొత్తానికి బయటి తలుపు తెరిస్తే చాలు.

## 2. పనికివచ్చే ఫొటో తీయడం

దేన్నీ ముట్టుకోకముందే తీయాలి. పడిపోయిన మీటే ఇక్కడ సాక్ష్యం. దాన్ని ఎత్తేస్తే ఫొటోలో అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

ఫ్లాష్ ఆపేయండి. పారదర్శకమైన తలుపు మీద ఫ్లాష్ పడితే అసలు చూడాల్సిన చోటే తెల్లటి మచ్చ వస్తుంది. టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుంటే మసక అక్షరాలు కూడా బయటపడతాయి.

ఈ నాలుగూ ఉంటే చాలు:

- వరుస మొత్తం, రెండు చివరలతో సహా, ఎదురుగా నిలబడి తీసినది
- మీటల స్థానం తెలిసేలా పక్క నుంచి తీసినది
- ప్రతి పరికరం ముఖం మీది అచ్చు చదవగలిగేంత దగ్గరగా తీసినవి
- తలుపు లోపల అతికించిన చీటీ

ఫొటోతో పాటు రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి: ఎన్ని గంటలకు పడింది, ఆ సమయంలో ఏమేమి నడుస్తున్నాయి. ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా ఈ రెండూ చెప్పలేదు.

## 3. ముఖం మీది అచ్చు చదవడం

బాక్సులో పది పరికరాలున్నా రకాలు సాధారణంగా మూడు నాలుగే. ఏది ఏ రకమో ముఖం మీదే ఉంటుంది.

మెయిన్ స్విచ్. దీని మీద `40A` లేదా `63A` లాంటి అంకె, `I`, `O` గుర్తులు ఉంటాయి. ఇది చేత్తో వేసి తీసే స్విచ్ మాత్రమే. తనంతట తాను పడదు. ఇది కిందికి ఉంటే ఎవరో దించారని అర్థం.

ఎంసీబీ. `C16`, `B6`, `C20` లాంటి రాత ఉంటే అది ఎంసీబీ. అంకె అది ఎల్లకాలం మోయగల ఆంపియర్లు. ముందున్న అక్షరం, ఒక్కసారిగా దూసుకొచ్చే కరెంటును ఎంతవరకు ఓర్చుకుంటుందో చెబుతుంది. `B` రకం తన అంకెకు 3 నుంచి 5 రెట్ల మధ్య, `C` రకం 5 నుంచి 10 రెట్ల మధ్య, `D` రకం 10 నుంచి 20 రెట్ల మధ్య ఆ క్షణంలోనే తెంచేస్తుంది.

దాని కింద చిన్న పెట్టెలో `6000` అని ఉంటుంది. చాలామంది దీన్ని వాట్లనుకుని, అంత బరువు మోస్తుందని నమ్ముతారు. అది వాట్లు కాదు. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు 6000 ఆంపియర్ల వరకు తాను పగిలిపోకుండా తెంచగలదని దాని అర్థం. ఇంటి లోడు లెక్కతో దానికి సంబంధం లేదు.

ఆర్‌సీసీబీ. ఎంసీబీ కంటే వెడల్పుగా ఉంటుంది, `T` అన్న చిన్న బటను ఉంటుంది, `IΔn 0.03A` లేదా `30mA` అని రాసి ఉంటుంది. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అన్నది మాత్రమే ఇది చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే తెంచి తీరాలి. నిజానికి అందులో సగం దాటినప్పటి నుంచే తెంచవచ్చు.

దాని మీది `40A` మాత్రం మోయగల హద్దే. అంతకు మించి లాగితే ఆర్‌సీసీబీ పడదు, వేడెక్కుతుంది. లోడు ఎక్కువై ఆర్‌సీసీబీ పడిందన్న మాట అందుకే తప్పు.

ఆర్‌సీబీఓ. `C16`, `IΔn 0.03A` రెండూ ఒకే ముఖం మీద ఉంటే అది రెండు పనులూ చేసే పరికరం. ఇది పడితే కారణం లోడా, లీకేజీయా అన్నది ఫొటోను బట్టి సాధారణంగా తెలియదు. ఎప్పుడు, ఎంతసేపటికి పడిందన్నదే ఆధారం.

## 4. చీటీని నమ్మే ముందు

చీటీ మీద "వంటగది", "గీజర్", "లైట్లు" అని ఉండవచ్చు. అది రాసిన రోజున నిజం. తర్వాత ఒక సాకెట్ కలిపి ఉంటారు, ఒక లైను మార్చి ఉంటారు, చీటీ మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఫొటోలో తేల్చుకోవాల్సిన మొదటి సంగతి, చీటీలో 1 అంకె ఎక్కడ మొదలవుతుందన్నది. కొందరు మెయిన్ స్విచ్ నుంచి లెక్కిస్తారు, కొందరు ఆర్‌సీసీబీ నుంచి, కొందరు మొదటి ఎంసీబీ నుంచి. పరికరాలు ఎన్ని, చీటీలో వరుసలు ఎన్ని అని లెక్కపెట్టి చూడండి. తేడా ఉంటే జరుగుడు ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది.

అంకెలు కూడా సాయం చేస్తాయి. చీటీ ప్రకారం "లైట్లు" ఉన్న చోట `C20` కనిపించి, "గీజర్" ఉన్న చోట `C6` కనిపిస్తే చీటీ ఒక స్థానం జరిగి ఉండే అవకాశమే ఎక్కువ. లైట్లకు చిన్న అంకె, వేడి చేసే వాటికి పెద్ద అంకె ఉండటం మామూలు.

కచ్చితంగా తెలియాలంటే తీరిక ఉన్న రోజున ఒక్కో ఎంసీబీ దించి, ఇంట్లో ఏవేవి ఆగాయో చూసి కొత్త చీటీ రాసుకోవాలి. దించే ముందు కంప్యూటర్ లాంటివి మూసేయండి.

## 5. ఏ మీట పడిందో గుర్తించడం

పైకి ఉంటే వేసినట్టు, కిందికి ఉంటే తీసినట్టు అనుకోవడం చాలా బాక్సుల్లో నిజమే, అన్నింటిలో కాదు. పక్కనున్న మీటలతో పోల్చి చూడటం మేలు. వరుసలో ఒకటి భిన్నంగా ఉంటే అదే.

కొన్ని రకాల్లో పడిన మీట పూర్తిగా కిందికి రాదు, మధ్యలో ఆగుతుంది. ఎదురుగా తీసిన ఫొటోలో ఇది వేసి ఉన్నట్టే కనిపిస్తుంది. పక్క నుంచి ఇంకో ఫొటో తీయమన్నది ఇందుకే. అలాంటి మీటను ముందు పూర్తిగా కిందికి నొక్కి, ఆ తర్వాతే పైకి ఎత్తాలి. నేరుగా ఎత్తితే పట్టుకోదు, "బ్రేకర్ పాడైంది" అన్న తొందరపాటు తీర్పు ఇక్కడే పుడుతుంది.

కొన్నింటి ముఖం మీద చిన్న కిటికీ ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులు లోపలి కాంటాక్టులు కలిసి ఉన్నాయో విడిపోయాయో చెబుతాయి. చాలావాటిలో ఎరుపంటే కలిసి ఉన్నట్టు. ఎరుపు కనబడగానే లోపమని అనుకోవద్దు.

## 6. ఎంసీబీ పడితే: సమయాన్ని చూడండి

ఎంసీబీలో తెంచే ఏర్పాట్లు రెండు. వేడికి వంగే లోహపు పట్టీ ఒకటి, ఇది నెమ్మదిగా పనిచేస్తుంది. అయస్కాంతపు చుట్ట ఇంకొకటి, ఇది క్షణంలో పనిచేస్తుంది. ఎంతసేపటికి పడిందో తెలిస్తే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

ఎత్తిన క్షణంలోనే పడితే. `C16` ఆ క్షణంలోనే పడాలంటే 80 ఆంపియర్లకు పైగా కావాలి. వంటింటి పరికరాలు అన్నీ కలిసినా అంత లాగవు. అంటే తీగలు ఎక్కడో తాకుతున్నాయి, లేదా ఒక పరికరం లోపల షార్ట్ అయింది. ఆ లైను మీది ప్లగ్గులన్నీ తీసి ఒక్కసారి ఎత్తి చూడండి. నిలబడితే లోపం పరికరంలో ఉంది. ప్లగ్గులన్నీ తీసినా పడితే లోపం గోడలోని తీగల్లో, సాకెట్‌లో, లేదా నేరుగా కలిపిన పరికరంలో ఉంది. రెండోసారి ఎత్తవద్దు.

పెద్ద మోటారు మొదలైనప్పుడు మాత్రమే పడితే. మోటారు కదలడం మొదలైన క్షణంలో చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. `B` రకం ఉన్న చోట ఇది సరిపోతుంది పడటానికి. రకం మార్చాలా, మోటారు బిగుసుకుపోయిందా అన్నది ఎలక్ట్రీషియన్ తేల్చాలి.

కొన్ని నిమిషాలకు, అరగంటకు పడితే. ఇది ఓవర్‌లోడ్ లక్షణం. `C16` దాదాపు 18 ఆంపియర్లను గంట సేపు మోసినా పడకూడదు. దాదాపు 23 ఆంపియర్లయితే గంటలోపు పడి తీరాలి. వాట్లలో చెప్పుకుంటే 4100 దగ్గర ఓర్చుకుంటుంది, 5300 దగ్గర ఓర్చుకోదు. 2000 వాట్ల హీటరు, 2000 వాట్ల కెటిల్ కలిస్తే 17.4 ఆంపియర్లు. ఆ రెండింటికే పడే పని లేదు. దాని మీద ఇంకో 1500 వాట్ల ఇస్త్రీపెట్టె చేరితే 24 ఆంపియర్లవుతుంది, అప్పుడు పడుతుంది.

లెక్క ప్రకారం లోడు తక్కువే, అయినా పడుతుంటే. ఎంసీబీ కింది స్క్రూ వదులై తీగ సరిగ్గా బిగియకపోతే అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పట్టీ వంగి, లోడు లేకుండానే తెంచేస్తుంది. తాకితే ఆ ఒక్క మీట పక్కవాటి కంటే వేడిగా ఉంటుంది. ఆ లైనును దించేసి ఎలక్ట్రీషియన్ వచ్చేవరకు అలాగే ఉంచండి.

పదే పదే పడుతోందని `C16` తీసి `C32` పెట్టించుకునేవారున్నారు. మీట పడటం ఆగుతుంది, నిజమే. గోడలోని తీగ మాత్రం పాతదే. ఇంతకుముందు మీట ఆపిన వేడి ఇప్పుడు ఆ తీగ పైపొరను కరిగిస్తుంది. తీగ మందం ఫొటోలో తెలియదు కాబట్టి, ఫొటో చూసి పెద్దది పెట్టుకోమని సలహా ఇచ్చేవారి మాట వినకండి.

## 7. ఆర్‌సీసీబీ పడితే: ఒక ఉదాహరణ

ఒక ఫొటో ఊహించుకుందాం. ఎడమ నుంచి మెయిన్ స్విచ్ `40A`, ఆర్‌సీసీబీ `40A IΔn 0.03A`, తర్వాత ఐదు ఎంసీబీలు: `C6`, `C10`, `C16`, `C16`, `C20`. చీటీలో ఆరు వరుసలున్నాయి. ఎంసీబీలు ఐదే కాబట్టి చీటీ ఆర్‌సీసీబీని 1గా లెక్కించింది. అంటే చీటీలో 4గా ఉన్న "వంటగది, వాషింగ్ మెషీన్" వరుసలో మూడో ఎంసీబీ, అంటే మొదటి `C16`.

ఆ ఇంట్లోవారు "వంటగది బ్రేకర్ పడింది" అంటున్నారు. ఫొటోలో మాత్రం ఎంసీబీలన్నీ పైకి ఉన్నాయి, ఆర్‌సీసీబీ ఒక్కటే కింద ఉంది. ఇల్లంతా చీకటి కావడానికి కారణమూ అదే. కాబట్టి లోడు లెక్కలు పక్కన పెట్టవచ్చు. ఎక్కడో కరెంటు ఎర్త్‌లోకి జారుతోంది.

ఇక వరుసగా:

1. ఎంసీబీలన్నీ దించండి.
2. ఆర్‌సీసీబీని పూర్తిగా కిందికి నొక్కి, పైకి ఎత్తండి. ఇక్కడ నిలబడింది.
3. ఎంసీబీలను ఒక్కొక్కటిగా ఎత్తండి, మధ్యలో కాస్త ఆగండి. `C6` నిలబడింది, `C10` నిలబడింది, మొదటి `C16` ఎత్తగానే ఆర్‌సీసీబీ పడింది.
4. ఆ `C16` దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, మిగిలినవి కూడా ఎత్తండి. అన్నీ నిలబడ్డాయి. మిగతా ఇంటికి కరెంటు వచ్చింది.
5. ఆ లైను మీదున్న ప్లగ్గులన్నీ ఊడదీయండి. స్విచ్ ఆపితే సరిపోదు. మామూలు స్విచ్ ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్ ద్వారా పరికరం ఇంకా కలిసే ఉంటుంది.
6. `C16` ఎత్తండి. నిలబడితే ఒక్కో ప్లగ్గు పెట్టి, ఒక్కో పరికరాన్ని నడిపి చూడండి.

ఈ ఇంట్లో మిక్సీ, కెటిల్ నడిచాయి. వాషింగ్ మెషీన్ ప్లగ్గు పెట్టినా ఏమీ కాలేదు, నీళ్లు నింపుకున్నా ఏమీ కాలేదు. పది నిమిషాల తర్వాత నీళ్లు వేడిచేసే దశకు రాగానే ఆర్‌సీసీబీ పడింది. లోపం హీటింగ్ రాడ్‌లో ఉంది. రాడ్ పైతొడుగు చిట్లి లోపలికి తేమ చేరినప్పుడు ఇలాగే ప్రవర్తిస్తుంది. ప్లగ్గు పెట్టగానే పడలేదు కదా అని మెషీన్‌ను నిర్దోషిగా వదిలేస్తే, అసలు దోషి చేజారిపోయేది.

## 8. నిర్దోషి లైను మీద నింద పడే సందర్భం

పైన చెప్పిన పద్ధతి ఒక చోట మోసం చేస్తుంది. దీనికి కొంచెం ఓపిక కావాలి.

చాలా బాక్సుల్లో ఎంసీబీ ఫేజు తీగను మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ తీగలన్నీ ఒక కడ్డీ దగ్గర కలిసే ఉంటాయి. ఇప్పుడు పడకగది లైనులో న్యూట్రల్ తీగ ఎర్త్‌కు తాకిందనుకోండి. ఆ ఎంసీబీ దించినా ఆ తాకిడి అలాగే ఉంటుంది. వేరే లైను మీద లోడు పడగానే, తిరిగొచ్చే కరెంటులో కొంత ఆ తాకిడి గుండా ఎర్త్‌లోకి పోతుంది. ఆర్‌సీసీబీకి లెక్క తప్పుతుంది, పడుతుంది. ఆ క్షణంలో మీరు ఎత్తినది వంటగది మీట కాబట్టి నింద వంటగదికి వస్తుంది.

దీన్ని పట్టుకునే ఉపాయం తేలికే: ఎంసీబీలను ఎత్తే వరుస మార్చండి. మొదటిసారి ఎడమ నుంచి, రెండోసారి కుడి నుంచి.

- రెండుసార్లూ ఒకే మీట దగ్గర పడితే, లోపం ఆ లైనులోనే ఉండే అవకాశం ఎక్కువ.
- ఏ మీట అయినా సరే, లోడు పెరిగేసరికి పడుతుంటే, న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తాకుతూ ఉండవచ్చు.
- ఏ ఒక్కటి ఎత్తినా నిలబడుతూ, అన్నీ కలిస్తే పడుతుంటే, చిన్న చిన్న లీకేజీలు కలిసి హద్దు దాటుతూ ఉండవచ్చు. కంప్యూటర్ల వంటి పరికరాల విద్యుత్ ఫిల్టర్లలో బాగున్నప్పుడు కూడా కొంత లీకేజీ ఉంటుంది.
- ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే, న్యూట్రల్ తాకిడి, బాక్సు లోపలి లోపం, ఆర్‌సీసీబీ చెడిపోవడం, ఈ మూడింటిలో ఒకటి. మీ చేతిలోని పని ఇక్కడితో అయిపోయింది.

చివరి మూడు సందర్భాల్లోనూ మీటరు పెట్టి, న్యూట్రల్ తీగలను ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి. అది కవరు తీసి చేసే పని, ఎలక్ట్రీషియన్‌ది.

వానపడ్డప్పుడు మాత్రమే పడుతుంటే బయటి లైట్లు, ఆరుబయటి సాకెట్లున్న లైనును ముందు దించి చూడండి. తేమ ఆరాక తనంతట తాను బాగుపడినట్టు కనిపిస్తుంది కాబట్టి, పడిన తేదీలు రాసి పెట్టుకోకపోతే ఈ సంబంధం పట్టుబడదు.

## 9. తరచూ జరిగే తప్పులు

మీటను పైకి పట్టుకుని ఉంచడం, టేపు చుట్టడం. మీట పైకే ఉన్నా లోపలి కాంటాక్టులు విడిపోయేలా వీటిని తయారు చేస్తారు. పట్టుకున్నా ఫలితం ఉండదు.

పదే పదే ఎత్తడం. షార్ట్ ఉన్నప్పుడు ఎత్తిన ప్రతిసారీ లోపల మెరుపు పుట్టి కాంటాక్టులు కాలతాయి. ఒకసారి ఎత్తి చూడటం పరీక్ష, ఐదుసార్లు ఎత్తడం నష్టం.

ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా లైను కలిపించడం. పడటం ఆగుతుంది, లీకేజీ ఆగదు. ఆ తర్వాత దాన్ని కనిపెట్టేది లోహపు భాగాన్ని తాకిన మనిషి ఒళ్లే.

`T` బటను నొక్కితే పడింది కాబట్టి ఎర్త్ బాగుందనుకోవడం. ఆ బటను పరికరం లోపలి యంత్రాంగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. ఇంటి ఎర్త్ తీగ ఉన్నదీ లేనిదీ దానికి తెలియదు. కరెంటు ఉన్నప్పుడు నొక్కినా పడకపోతే మాత్రం ఆ ఆర్‌సీసీబీ మార్చాల్సిందే.

## 10. ఎలక్ట్రీషియన్‌కు పంపాల్సినవి

- ముట్టుకోకముందు తీసిన ఫొటోలు
- పడిన పరికరం మీది అచ్చు, ఉన్నదున్నట్టు: ఉదాహరణకు `C16`, లేదా `40A IΔn 0.03A`
- ఎత్తిన క్షణంలో పడిందా, ఎన్ని నిమిషాలకు పడిందా
- అప్పుడు నడుస్తున్న పరికరాలు, వాటి వాట్లు
- ప్లగ్గులన్నీ ఊడదీసినప్పుడు ఏమి జరిగింది
- వరుస మార్చి ఎత్తినప్పుడు ఏమి జరిగింది
- ప్రస్తుతం ఏ మీట దించి ఉంచారు

దించి ఉంచిన మీట పక్కన "ఎత్తవద్దు" అని కాగితం అతికించండి. ఇంట్లో ఇంకొకరు వచ్చి, మరచిపోయారనుకుని ఎత్తేయడం మామూలే.